అక్క సరిచూసిన మాత్రలు

ప్రూఫక్కకి అచ్చయినది ఏదైనా సరే, సరిచూడకుండా ముద్ద దిగదు. ముప్పయ్యొక్క ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. కరెంటు బిల్లు వస్తే పోయిన నెల బిల్లు పక్కన పెట్టుకుని చూస్తుంది. పెళ్లి శుభలేఖ వస్తే వధూవరుల సంగతి తర్వాత, ముందు అందులో తప్పులు ఏరుతుంది. ప్రెస్సులో పెట్టిన ఆ పేరు వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చేసింది. సొంత చెల్లెలు మాత్రం ఆమెను 'హెడ్డాఫీసు' అంటుంది. ఇంట్లో చీమ కదలాలన్నా హెడ్డాఫీసు సంతకం కావాలని ఆవిడ ఫిర్యాదు.

ఆ చెల్లెలికి అరవై ఆరేళ్లు. అయినా పాపాయే. పుట్టినప్పుడు పెట్టిన ముద్దుపేరు అలా అంటుకుపోయింది. కుట్టుపని నేర్పే టీచరుగా చేసింది. ఊళ్లో సగంమంది ఆడపిల్లలు ఆవిడ దగ్గర సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నవాళ్లే. అటువంటి మనిషి వేళ్లే వంకర్లు పోయాయి. కీళ్లవాతం. పొద్దున లేస్తే గుప్పిట ముడుచుకోదు, జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా అక్క రావాలి. అక్కకి పెళ్లి కుదరలేదు, చెల్లెలికి నిలవలేదు. రెండు గదుల ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ హాయిగానే ఉన్నారు.

కీళ్ల డాక్టరు రాసిచ్చిన మందు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మెథోట్రెక్సేట్. ఆ పేరు పలకలేక పాపాయి దాన్ని 'ఆదివారం మందు' అనేది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని మొదటిరోజే డాక్టరు గట్టిగా చెప్పాడు. వెళ్లిన ప్రతిసారీ ఆయన అడిగేది ఆ ఒక్క మాటే, వారానికి ఒకసారే కదా అని. అక్కాచెల్లెళ్లు ఒకే గొంతుతో అవుననేవారు. ఆయన చీటీ మీద 'పది మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి' అని రాసి పంపేసేవాడు. ఎన్ని మాత్రలో ఆయన రాయలేదు. వీళ్లు అడగలేదు.

అది చూసుకున్నవాడు మూలమీది మందులషాపాయన. ఆయన దగ్గర దొరికేవి రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలు. అవి నాలుగు కలిస్తే పది. స్ట్రిప్పులోంచి కత్తెరతో ముక్కలు కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, దాని మీద బాల్‌పెన్నుతో 'ఆదివారం – 4' అని రాసి ఇచ్చేవాడు. ఆరేళ్లు ఆయన ఇచ్చిందే వేసుకున్నారు. ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితాన్నీ భూతద్దం పెట్టి చూసే ప్రూఫక్క ఆ ముక్కల వెనక ఏం అచ్చయి ఉందో ఒక్కసారీ చూడలేదు. ఆయన మన మనిషి కదా అనుకుంది. మన మనిషి ఇచ్చినదాన్ని ఎవరు సరిచూస్తారు?

రోడ్డు వెడల్పు చేస్తామని ఆ షాపు కొట్టేశారు. ఆయన ఎక్కడికో వెళ్లిపోయాడు. ఇంకో షాపుకి పోవాలంటే రెండు బస్సులు మారాలి, అక్క మోకాళ్లకి అంత ఓపిక లేదు. పాపాయి దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకమ్మాయి ఓ సాయంత్రం వచ్చి, ఫోన్‌లోనే మందులు తెప్పించుకోవచ్చని చెప్పి, యాప్ పెట్టి, చీటీని ఫోటో తీసి పంపడం నేర్పి వెళ్లింది.

ప్రూఫక్కకి ఒళ్లంతా అనుమానమే. మొహం తెలియనివాళ్లు అట్టపెట్టెలో ఏం పెట్టి పంపుతారో ఏమో. చీటీ ఫోటో మూడుసార్లు తీసింది. మొదటిసారి నీడ పడింది, రెండోసారి డాక్టరు సంతకం తెగిపోయింది. మూడోది నాలుగు మూలలూ కనబడేలా, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో సహా శుభ్రంగా వచ్చింది. పంపిన గంటకి ఆ కంపెనీ ఫార్మసిస్టు ఫోన్ చేశాడు. గొంతు మర్యాదగా ఉంది. చీటీ చదివి వినిపించి, ఇది వారానికి ఒకసారి మాత్రమే వేసుకునే మందని మీకు తెలుసు కదా మేడమ్ అని అడిగాడు. ఆరేళ్ల నుంచీ వాడుతున్నాం బాబూ, నువ్వు మాకు చెప్పాలా అంది ఈవిడ. అతను నవ్వి, పది మిల్లీగ్రాములది ఒక స్ట్రిప్పు పంపుతున్నానని చెప్పి పెట్టేశాడు. అతను అడగాల్సింది అడిగాడు. ఈవిడ చెప్పాల్సింది చెప్పింది. ఇద్దరి కళ్లూ ఒకే గోతిమీద ఉన్నాయి, పక్కనున్న గొయ్యి ఇద్దరికీ కనబడలేదు.

పెట్టె వచ్చినరోజు చూడాలి ఆవిడ హడావుడి! బల్ల తుడిచింది, కళ్లజోడు తుడిచింది, ప్రెస్సు నుంచి తెచ్చుకున్న చెక్క స్కేలు తీసింది. ఎడమవైపు ఫోన్‌లో చీటీ ఫోటో, మధ్యలో బిల్లు, కుడివైపు మందు. ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, స్కేలు కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం దాటింది. పేషెంటు పేరు సరే. మందు పేరు, చీటీలో ఉన్నదే బిల్లులో ఉంది, బిల్లులో ఉన్నదే స్ట్రిప్పు మీద ఉంది. తయారుచేసిన కంపెనీ వేరేలా ఉంది గానీ అసలు మందు పేరు అదే. చీటీలో పది, ఆర్డరులో పది, స్ట్రిప్పు మీద పది. బ్యాచ్ నంబరు బిల్లుతో కలిసింది. గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. స్ట్రిప్పు ఎక్కడా చిరగలేదు. ఆర్డరులో ఒక స్ట్రిప్పు, వచ్చింది ఒక స్ట్రిప్పు, మాత్రలు పది. దానికి తోడుగా బుధవారం వేసుకునే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర కూడా వచ్చింది, అదీ సరిపోయింది. బిల్లు మీద పెన్సిలుతో వరసగా టిక్కులు పెట్టి, కింద పొడి సంతకం కూడా చేసింది.

పాపాయి మంచం మీంచి చూస్తూ, అచ్చుకి పంపొచ్చా అని వెక్కిరించింది. పంపొచ్చంది అక్క. అది ఆవిడ బతుకులో పెట్టిన లక్షో రెండు లక్షలో టిక్కుల్లో ఒకటి.

ఇక్కడ ఒకమాట చెప్పుకోవాలి. ప్రెస్సులో చేరిన కొత్తలో ఒక క్యాలెండరు ప్రూఫులో తేదీ తప్పుగా ఉందనిపించి ఆవిడ సొంతంగా మార్చింది. తీరా చూస్తే అచ్చుకిచ్చిన అసలు కాపీలో ఉన్నదే రైటు. అయిదువేల ప్రతులు చెత్తలోకి పోయాయి. ఫోర్‌మన్ అందరిముందూ నిలబెట్టి, ఆలోచించడానికి రచయితలున్నారు, నీ పని కాపీలో ఉన్నది ప్రూఫులో ఉందా లేదా చూడటమే అని దులిపేశాడు. ఆ దెబ్బకి ఆవిడ మళ్లీ ఆలోచించలేదు. సరిచూసింది. అంత బాగా సరిచూసింది కాబట్టే ముప్పయ్యొక్క ఏళ్లు ఉద్యోగం నిలిచింది.

ఆదివారం టిఫిన్ అయ్యాక అక్క, పాపాయి అరచేతిలో నాలుగు మాత్రలు పెట్టింది. ఆరేళ్ల నుంచి నాలుగే. చేతికి అలవాటైన లెక్క అది. ఈసారి మాత్ర కాస్త లావుగా ఉందేమిటే అంది పాపాయి. కంపెనీ వేరు, మందు అదే, నేను చూశానుగా అంది అక్క. నువ్వు చూస్తే ఇంకేం అని చెల్లెలు గుటుక్కున మింగేసింది.

రెండో ఆదివారం ఇంకో నాలుగు.

స్ట్రిప్పులో రెండే మిగిలాయి. బుధవారంనాడు మళ్లీ ఆర్డరు పెట్టబోతే యాప్ ఒప్పుకోలేదు. ఈ చీటీ మీద ఇవ్వాల్సిన మందు ఇచ్చేశాం, కొత్త చీటీ పంపండి అని వచ్చింది. ప్రూఫక్కకి ఒళ్లు మండింది. చీటీ మీద ఎనిమిది వారాలని రాసుంటే రెండువారాలకే ఇచ్చేశామంటారేమిటి, కళ్లున్నాయా వీళ్లకి? ఫోటో మళ్లీ పంపింది. శనివారం మళ్లీ అదే జవాబు. మొహం లేని షాపుతో ఇదే తంటా అని ఆ రోజంతా సణుగుతూనే ఉంది.

ఈలోగా పాపాయికి నోరు పూసింది. పెదవి లోపల, నాలుక అంచున తెల్లటి పుళ్లు. కారం తగిలితే కళ్లలో నీళ్లు వచ్చేవి. వేడి చేసిందనుకున్నారు. మజ్జిగ ఎక్కువ తాగమంది అక్క. మూడో ఆదివారం, మిగిలిన రెండూ ఇచ్చింది. అసలు లేకపోవడం కంటే నయం కదా అనుకుంది. పుండు నొప్పికి పాపాయి మొహం చిట్లిస్తూనే, మాత్రలు నీళ్లతో మెల్లిగా దించుకుంది.

మంగళవారం పొద్దున పాపాయికి ఒళ్లు కాలిపోతోంది. మోచేతి మీద, ఎక్కడా తగలకుండానే, నల్లగా కమిలిన మచ్చ. ఆదివారం మందు సగమే పడింది కాబట్టే ఇలా అయిందని అక్క తేల్చేసింది. ఆ కోపమంతా ఫోన్‌లో చూపించడానికి కంపెనీకి ఫోన్ కొట్టింది. ఎత్తినవాళ్లని దులిపి, ఫార్మసిస్టుకి ఇవ్వమంది. మొదటిసారి మాట్లాడినతనే వచ్చాడు. మందు అయిపోతే పంపరేం, మీ నిర్వాకం వల్ల మా చెల్లెలికి జ్వరం వచ్చిందని ఒక్క గుక్కలో అనేసింది.

అతను రికార్డు తీసి చూస్తున్నట్టుంది. తర్వాత అడిగాడు.

"మేడమ్, పది మాత్రలు పంపాం. వారానికి ఒకటి. ఇంకా ఏడన్నా ఉండాలి కదా?"

"వారానికి ఒకటేమిటి బాబూ? నాలుగు. ఎప్పుడూ నాలుగే."

అతని గొంతులో ఆ మర్యాదంతా పోయి, ఇంట్లో పిల్లాడి గొంతులా ఉంది.

"మేడమ్, ఒక్క మాత్రే పది. నాలుగు వేస్తే నలభై. ఇంక ఒక్కటి కూడా ఇవ్వకండి. నోట్లో పుళ్లేమైనా ఉన్నాయా?"

ప్రూఫక్క మంచం వైపు చూసి, ఉన్నాయంది. అతను గబగబా చెబుతున్నాడు. ఈ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి, స్ట్రిప్పు, చీటీ రెండూ పట్టుకెళ్లండి, అంబులెన్సు పిలవనా అంటున్నాడు. పిలవమంది. అడ్రసు చెప్పింది. పిన్‌కోడు తప్పు చెప్పి, మళ్లీ దిద్దుకుంది.

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆవిడ చేసిన పని తలుచుకుంటే జాలేస్తుంది, కోపమూ వస్తుంది. పాపాయికి చీర మార్చి, నీళ్లు తాగించి, బల్ల దగ్గర కూర్చుంది. స్కేలు తీసింది. ఎడమవైపు ఫోటో, మధ్యలో బిల్లు, కుడివైపు ఖాళీ స్ట్రిప్పు. మళ్లీ మొదటినుంచి చదివింది. ఎక్కడో ఒక్క తప్పు ఉండాలి. వాళ్లు చీటీలో లేనిది పంపి ఉండాలి, బిల్లులో ఒకటి రాసి పెట్టెలో ఇంకోటి పెట్టి ఉండాలి. దేవుడా, ఒక్క అంకె తేడా ఉండనీ, ఆ కంపెనీ కొంప నేనే కూలుస్తాను అనుకుంది. బతుకంతా తప్పు దొరక్కూడదని చూసిన మనిషి ఆ రోజు తప్పు దొరకాలని చూసింది. దొరకలేదు. పది, పది, పది. పేరు సరే. బ్యాచ్ సరే. తను పెట్టిన టిక్కులన్నీ సరే. ఏ కాగితంలోనూ లేనిది ఆ నాలుగు ఒక్కటే. అది తన చేతిలో ఉంది.

ఆసుపత్రిలో రక్తం తీశారు. తెల్లకణాలు అడుగంటాయి. రక్తం గడ్డకట్టించే కణాలూ అంతే. లోపల ఎముక మూలుగే పని ఆపేసిందని చిన్నడాక్టరమ్మ చెప్పింది. వయసు, పైగా కిడ్నీలు అంతంతమాత్రం, మందు బయటికి పోకుండా ఒంట్లోనే ఉండిపోయిందట. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అది ఎంత తొందరగా పడితే అంత మంచిదట. మొదటి నాలుగు మాత్రలు పడి అప్పటికి పదహారు రోజులు.

మందులు ఇంట్లో ఎవరు చూసుకుంటారని అడిగింది డాక్టరమ్మ. నేనే అంది ప్రూఫక్క. స్ట్రిప్పు, బిల్లు, చీటీ ముందు పెట్టింది. డాక్టరమ్మ అన్నీ చూసి, టిక్కుల దగ్గర కాసేపు ఆగింది. ఇవన్నీ కరెక్టే కదా, ఇంత జాగ్రత్తగా చూశారు కదా అంది. ఆ పిల్ల ఓదార్పుగానే అంది పాపం. పాత మాత్ర, కొత్త మాత్ర పక్కపక్కన పెట్టి చూడాల్సిందని, మిల్లీగ్రాములు మారితే ఎన్ని వేసుకోవాలో అడగాల్సిందని మెల్లిగా చెప్పింది. పాత మాత్ర ఎక్కడుంది? ఆ కవర్లు ఎప్పటికప్పుడు చించి పారేసిందే తను.

అందరూ తలో ముక్కా బాగానే చేశారు. డాక్టరు రాసింది తప్పు కాదు. కంపెనీ పంపింది తప్పు కాదు. షాపాయన నాలుగని రాసింది తప్పు కాదు, ఆయన ఇచ్చిన మాత్రకి నాలుగే రైటు. ఎవరి గొంతు పట్టుకుని అడుగుతుంది? ఫార్మసిస్టు కుర్రాడు రోజూ ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కునేవాడు. అతన్ని తిట్టాలని నోరు తెరిచి, నువ్వు అన్నం తిన్నావా బాబూ అని అడిగి పెట్టేసింది ఒకరోజు.

పాపాయిని అద్దాల గదిలో విడిగా పెట్టారు. లోపలికి వెళ్లాలంటే మొహానికి గుడ్డ, చేతులకి తొడుగులు. ముక్కులోంచి రక్తం వస్తే దూది పెట్టేవారు. నోరంతా పచ్చిపుండు, ఆహారం కోసం గొంతులోకి సన్నటి గొట్టం. మూడోరోజు మత్తులోంచి తేరుకుని అక్కని చూసి, కళ్లతోనే నవ్వింది. ఎవరో చెప్పారట మందు ఎక్కువైందని. ఆవిడకి తెలియాల్సింది ఒకటే. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"తప్పు ఎక్కడొచ్చిందే?"

ప్రూఫక్క ఆ మూడురోజులూ ఈ ప్రశ్నకోసమే బతికింది, ఈ ప్రశ్నకే చచ్చింది. కంపెనీ వాళ్లు తప్పుడు మందు పంపారని ఒక్కమాట అనేస్తే చెల్లెలు నమ్మేస్తుంది. వాళ్లని నాలుగు తిట్లు తిట్టి, నా అక్క మాత్రం బంగారం అనుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పాపాయితో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఆడితే, ఈ మనిషి పోయాక ఆ అబద్ధంతో ఒక్కతే ఆ రెండు గదుల్లో ఉండాలి. తొడుగు వేసిన చేత్తో ఆ వంకరవేళ్లు పట్టుకుని చెప్పింది.

"మందులో తప్పులేదు పాపాయీ. చీటీలోనూ లేదు. ఒకటి ఇవ్వాల్సినచోట నేను నాలుగు ఇచ్చాను. నేనే."

పాపాయి రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. ఊపడానికి ఎంత నొప్పి పుట్టిందో గానీ మళ్లీ ఊపింది. గొంతులో గొట్టం పక్కనుంచి మాట గరగరమంటూ వచ్చింది.

"నువ్వు చూశావుగా. నువ్వు చూశాక తప్పుండదు. వాళ్లని కాపాడకు."

కాదే, నా మాట విను అని అక్క మళ్లీ చెప్పబోయింది. మొదటినుంచి విడమరచి చెప్పింది, రెండున్నర, నాలుగు, పది అని వేళ్లమీద లెక్కపెట్టి చూపించింది. చిన్నప్పుడు ఎక్కాలు రాక ఏడిస్తే ఇలాగే చెప్పేది. పాపాయి కళ్లు మూసుకుంది. వినడానికి ఓపిక లేదో, వినదలచుకోలేదో. మర్నాడూ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. ప్రతిసారీ పాపాయి ఆ తొడుగు మీద వేలితో రెండుసార్లు తట్టేది, ఊరుకోవే అన్నట్టు. నర్సు వచ్చి పేషెంటుని అలా విసిగించొద్దని బయటికి పంపేసింది.

గురువారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో చేరిన పదోరోజు, పాపాయి పోయింది.

కాగితాలు ఇచ్చారు. పేరు, వయసు, తేదీ, కారణం, అన్నీ అచ్చువేసి ఉన్నాయి. ఒకసారి సరిచూసుకుని సంతకం పెట్టండమ్మా అన్నాడు గుమాస్తా. ఆవిడ చూడకుండానే పెట్టేసింది. గుమాస్తా మంచివాడు, కంపెనీ మీద కేసు వెయ్యకూడదా అని అడిగాడు. వాళ్ల తప్పు లేదంది. పాపం షాక్‌లో ఉందని అతను పక్కవాడితో అనడం వినబడింది.

ఇంటికి వచ్చి పాపాయి మంచం మీద కూర్చుంది. కుట్టు నేర్చుకున్న అమ్మాయిలు ఇరవైమంది దాకా వచ్చారు. అందరికీ చెప్పింది, నేనే చంపాను అని. ఎవరూ నమ్మలేదు. ఆరేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న మనిషివి, అలా అనకు అక్కా అని ఒకరి తర్వాత ఒకరు ఓదార్చి వెళ్లారు. తిట్టాల్సింది ఒక్క పాపాయే. తిట్టి, నాలుగురోజులు మాట్లాడక, అయిదోరోజు హెడ్డాఫీసూ అని పిలవగలిగింది కూడా ఆవిడే. ఆవిడేమో అక్క తప్పు చేసిందని ఒప్పుకోకుండానే వెళ్లిపోయింది. లేదన్న తప్పుని ఎవరు క్షమిస్తారు?